అద్దంలో తిప్పిన గోపురం

గోపురం బొమ్మ కంప్యూటర్లో చేసిపెట్టమని నన్నెవురూ బతిమాలలేదు. నేనే ఎగేసుకొని పోయినా. నాయన మొగం చూడలేక పోయినా, అంతే.

అది 2004. వానల్లేక ఎవురూ ఇండ్లు కట్టడంల్యా. అనంతపురంలో జమీలన్న అంగడిలో ఇండ్ల ప్లాన్లు గీసే పని నాది. ప్లాన్లు అడిగేవాళ్లే లేకపోతే ఇంగ గీసేదేముండాది? ఆ అన్న ఫ్యాను కింద కూచొని పేపరు చదివేది, నేను మానిటర్ మీద దుమ్ము తుడిచేది. ఇదీ మా యాపారం.

మా నాయన మౌనాచారి రాతి పనోడు. మా ఊరు కేశాపురం, ముదిగుబ్బకు అవతల. ఊర్లో చెన్నకేశవుని గుడికి అయిదంతస్తుల రాతి గోపురం ఉండేది. అంతకు ముందేడు మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. పిడుగు మాత్రం సరిగ్గా గోపురం మీదే పడింది. పైన రెండంతస్తులు కూలినాయి, కింద మూడు నిలబడినాయి. మూలిగే నక్క మీద తాటిపండు అంటారే, అట్లయింది మా ఊరి గతి.

గుడి కమిటీ పెద్ద హనుమంతప్ప చెడ్డోడేం కాదు, అలిసిపోయిన మనిషి. ఎవురు ముందు వచ్చి పని అయిపోతాదంటే వాళ్లకు తలూపుతాడు. ఒక కాంట్రాక్టరు కారేసుకొని వచ్చినాడు. పాతది మొత్తం పడగొట్టి సిమెంటుతో ఏడంతస్తులు లేపుతానన్నాడు. రంగురంగుల పటం కూడా తెచ్చినాడు. ఊరంతా నోరు తెరుచుకొని చూసింది. చుట్టుపక్కల యాడా ఏడంతస్తులు ల్యావు మరి. పాత రాళ్లేం చేస్తావప్పా అంటే కంకర మిషనుకు తోలేస్తానన్నాడంట, సొట్టలు పడిన బిందె సంగతి చెప్పినట్టు.

ఆ మాట విన్నప్పట్నుంచి నాయనకు అన్నం సయించలేదు. కూలిన రెండంతస్తులూ మళ్లా రాతితోనే చెక్కి ఎక్కిస్తే చాలు, కింద మూడు ఇంకా వందేండ్లుంటాయి అని కనపడినోళ్లకంతా చెప్పినాడు. పని తనకే రావాలని ఆయప్ప ఆశ అనుకున్యా నేను. చేతినిండా పని లేక ఎన్నేండ్లయిందో. హనుమంతప్ప ఒకే మాట అన్నాడు: వాళ్లు పటం తెచ్చినారు, మీరూ తేండి. సోమవారం సర్కారు ఇంజనీరు వస్తాడు, ఊరు కూచుంటాది, ఏ పటం మీద ఆయన సంతకం పెడితే ఆ పటంలో ఉన్నట్టే కట్టాల, గోరంత తేడా రాకూడదు. మేం పటం తీసకపోకుంటే నిలబడిన మూడంతస్తులూ కంకరే.

అంగడి పని ఎట్లా లేదు కదా అని జమీలన్న కంప్యూటరు మిషను నాకిచ్చేసినాడు. నిలబడిన మూడంతస్తులూ టేపు పెట్టి కొలిచినాం. ఒక్కో అంతస్తు కిందదానికన్నా ఎంత లోపలికి తగ్గుతాదో చూస్తే మూడిట్లోనూ అదే పాలు, అదే వంతు, వచ్చింది. అదే పాలు పట్టుకొని పైకి పోతే నాలుగు, అయిదు వాటంతట అవే కూచున్నాయి. అయిదో దాని మీద బండి గూడు మాదిరి కప్పు, దాని నడినెత్తిన అయిదు కలశాలు. ఆ పునాది మీదే ఏడు లేపి చూసినా, పైది బీరువా అంత కూడా రాలేదు. అందుకే కాంట్రాక్టరు అంతా పడగొడతానంటాండాడని అప్పుడు తెలిసింది.

మొదట నేను తెలివిగా మూడో అంతస్తును కాపీ చేసి, చిన్నది చేసి పైన పెట్టినా. నాయన మానిటర్ కాడికి మొగం ఆనించి చూసి, బొమ్మలకు కరువొచ్చిందా ఉమా, ఇట్లా చిక్కిపోయినాయి అన్నాడు. అంతస్తు చిన్నదైతే బొమ్మను నలిపేయకూడదంట, జతలు తగ్గించాలంట. నడుమ వాకిలి, దానికి అటొకడూ ఇటొకడూ ద్వారపాలకులు, వాళ్లకు అవతల దేవుళ్ల జతలు. ఎన్ని తగ్గించినా రెండు పక్కలా లెక్క సమంగా ఉండాల. సరే అని మళ్లా చేసినా. ఒక్కో బొమ్మను ఒకసారే చేసి, మిగతావన్నీ దాని నకళ్లుగా కట్టేసినా. అసలు దాంట్లో ముక్కు సరిచేస్తే అన్నిటి ముక్కూ సరి అయితాది. గోపురంలో ఎడమ సగం అయినాక, దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి కుడి సగం చేసేసినా. జంట ఇండ్ల ప్లాన్లకు మేం రోజూ చేసేదదే. ఒక ఇల్లు గీసేది, రెండోది తిప్పేసేది.

శనివారం అచ్చు తీసినా. ఎంత బాగుండిందో! జమీలన్న బయటికి తీసకపోయి పక్కంగళ్లోళ్లకంతా చూపించి వచ్చినాడు. నాయన కండ్లకు పొర, పటాన్ని మొగానికి ఆనించుకొని వేలు పెట్టి ఒకటీ రెండూ అని అంతస్తులు ఎంచుకున్నాడు. బాగుండాది అన్నాడు. ఆయప్ప నోట్లోనుంచి ఆ మాట రావడమంటే చిన్న సంగతి కాదు.

ఆదివారం మాయమ్మ తద్దినం. నాకు అన్నదమ్ముల్లేరు, నాయనే పెడతాడు. నేను వంటకాడ వాకిలికి ఆనుకొని నిలబడి చూస్తాండా. తిలోదకాలు ఇడిసే ముందర నాయన జంజెం ఎడమ భుజం మీదనుంచి తీసి కుడి భుజం మీదికి మార్చుకున్నాడు. చచ్చిపోయినోళ్ల కార్యం అయినంతసేపూ జంజెం అట్లే ఉండాల, మంచి పనులకు ఎన్నడూ అట్లా వేసుకోరు. ఏటా చూసేదే. ఈసారి మాత్రం నా పటం కండ్ల ముందర మెదిలింది.

తిప్పిన సగంలో నా దేవుళ్లకంతా జంజెం కుడి భుజం మీద ఉంటాది గదా!

కార్యం అయినాక పటం పరిచి చూసినా. ఉండాది. గోపురం కుడి పక్క దేవుళ్లంతా తద్దినానికి కూచున్నట్టు ఉండారు. చక్రం కుడిచేతిలోంచి ఎడమ చేతికి పోయింది, శంఖం కుడికి వచ్చింది. ద్వారపాలకులు సరే, వాళ్లు ఒకరికొకరు అద్దంలో మాదిరే ఉండాల. దేవుడు యాడ నిలబడినా చక్రం కుడిచేతిలోనే. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది నా పని.

నాయనకు చెప్తే సంబరపడతాడా? కోపం చేసినాడు. కోపం నా మీదనో, తన కండ్ల మీదనో తెల్దు. ఇంత చిన్న బొమ్మలో జంజెం ఎవురు చూస్తారు, ఇదే తీసకపోదాం, రాతిలో సరిగ్గా చెక్కుదాంలే అన్నాడు. పటంలో ఉన్నట్టే కట్టాలని సంతకం పెట్టేటప్పుడు సరిగ్గా ఎట్లా చెక్కుతావు నాయనా అని అడిగినా. సంతకం అయినాక కాంట్రాక్టరు కనుక్కొని, కమిటీ వాళ్లు దేవుళ్లకు తద్దినం పెడతాండారని ఊర్లో దండోరా వేయిస్తే ఏం చేస్తాం అన్నా. పో, నీ ఇష్టం అని గోడకు తిరిగి పడుకున్నాడు.

అంగడికి పోయినా. తిప్పిన సగంలోనుంచి ద్వారపాలకులను అట్లే ఇడిసి, దేవుళ్లను ఒక్కొక్కరినే తీసేసి, తిప్పని నకళ్లు పెట్టినా. వాళ్ల స్థలాలు మారకూడదు, లెక్క చెడకూడదు, బొమ్మలు మాత్రం మారాల. చేసి చేసి మెడ పట్టేసింది. బొమ్మ తయారు కావడానికి మిషనుకు అయిదారు గంటలు పడతాది. పని పెట్టి ఆకరి బస్సుకు ఇంటికి పోయినా. తెల్లారి వచ్చి చూస్తే మిషను చల్లగా ఉండాది. రాత్రి కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోయింది, నేను గీసింది ఉండాది గాని తయారైతాండే బొమ్మ పోయింది. కుర్చీలో కూలబడిపోయినా. ఏడుపు కూడా రాలేదు.

మళ్లా పెట్టినా. మా మిషను బొమ్మను పైనుంచి కిందికి గీత మీద గీతగా వేస్తాది. ఆకాశం వచ్చింది. కలశాలు వచ్చినాయి. కప్పు, అయిదో అంతస్తు, నాలుగు. జమీలన్న టీ తెచ్చి, వస్తాది లేమ్మా అని పక్కనే నిలబడినాడు. మూడో అంతస్తు అంచు కనపడతాండంగా కోత వేళ వచ్చింది, కరెంటు పోయింది. బ్యాటరీ కుయ్‌మని మొత్తుకుంటాంది. అది పది నిమిషాలు కూడా ఆగదు. ఆపేసి, అంతవరకు వచ్చిన బొమ్మను ఫ్లాపీలోకి ఎక్కించినా. జనరేటరుండే ఫోటోల అంగడిలో అచ్చు తీసినా. పైన రెండంతస్తులు సూది మొనంత స్పష్టంగా ఉండాయి, వాటి కింద అంతా నలుపు.

ఊరికి పోయేసరికి గుడి ముందర జనం కూచున్నారు. నాయన ముందే వచ్చినాడు, శనివారం పటం చుట్టి చంకలో పెట్టుకొని. కాంట్రాక్టరు ఏడంతస్తులను గోడకు ఆనించి పెట్టుండాడు. నాది పరిచినాం. హనుమంతప్ప కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసి, నలుపేందమ్మా అన్నాడు. కరెంటు పోయిందన్నా. ఎవురో కిసుక్కుమన్నారు. ఇంగ చూస్కో, ఊరంతా నవ్వే. ఈ గోపురం గాల్లో నిలబడతాదా మౌనాచారీ అని ఎవురో కేకేసినారు.

నాయన చంకలో పటం బయటికి లాగబోయినాడు. నేను చెయ్యి పట్టుకున్నా. ఇడిపించుకోబోయినాడు, నేను ఇడవలేదు. అందరి ముందరా తండ్రితో చెయ్యి పెనుగులాడడమంటే ఎంత నామోషీనో నాకే తెలుసు.

ఇంజనీరు నవ్వలేదు. ఎండలో తిరిగి తిరిగి వాడిపోయిన మనిషి, చెమట తుడుచుకుంటా నా పటం తీసుకొని గోపురం కాడికి నడిచినాడు. వెనకాలే అందరూ లేచినారు. మూడో అంతస్తు నెత్తి చూసినాడు, పటంలో నాలుగో దాని అడుగు చూసినాడు, కొలతలడిగినాడు. చెప్పినా. టేపు వేయించినాడు, సరిపోయింది. కింద మూడింట్లో యాడన్నా పగులుందా అని హనుమంతప్పను అడిగినాడు. ఆయప్ప నీళ్లు నమిలి, లేదు సార్ అన్నాడు.

"నేను సంతకం పెట్టేది కట్టబోయేదానికి. ఉండేదానికి నా సంతకం ఎందుకు?" అన్నాడు ఇంజనీరు. చక్కగా నిలబడిన దాన్ని పడగొట్టమని రాసేది తన వల్ల కాదన్నాడు. ఏడంతస్తులు పోయెనే అని కొందరు నిట్టూర్చినారు గాని, ఎవురూ అడ్డం చెప్పలేదు. కాంట్రాక్టరు తన పటం చుట్టుకున్నాడు. నా సగం పటం మీద సంతకం పడింది.

నాయన దిక్కు చూసినా. మొగంలో ఏమీ తెలీడంల్యా. చెక్కేది ఎవురని ఇంజనీరు అడిగినాడు, పేరు రాసుకోవాలంట. ఊరంతా నాయన దిక్కే తిరిగింది. హనుమంతప్ప అయితే మౌనాచారి అని పేరు చెప్పబోయినాడు.

"నా చేత కాదు సార్," అన్నాడు నాయన. "రాతి దుమ్ము రొమ్ములో చేరిపోయింది. ఉలి మీద నాలుగు దెబ్బలు వేస్తే ఊపిరి ఆడదు. ఎవుర్నన్నా పిలిపించండి, కింద కూచొని చెప్తా."

నాకు ఆ ముక్క అప్పుడే తెలిసింది. దగ్గు వస్తే దుమ్ము అనేవాడు, పనెందుకు పోలేదంటే పనెవురు ఇస్తాండారు అనేవాడు. ఇన్ని దినాలూ తన పని కోసమే కొట్లాడతాండాడని, నేను కూడా ఆ కూలి కోసమే మెడలు పట్టేటట్టు కూచున్యానని అనుకున్యా. ఆయప్పకు ఆ మూడంతస్తులు నిలబడితే చాలు, ఇంగేం అక్కర్లేదు. జనం ముందర ఏడ్చేది నామోషీ అని గోపురం దిక్కు తిరిగి నిలబడినా, అయినా ఆగలేదు, ఏడ్చేసినా.