గైడులో ఆరో ప్రశ్న

నేను రాసిన ఆరో ప్రశ్నను సత్యశ్రీ గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లను ఇంట్లో చూసుకునే మనుషులను ఏడెనిమిది మంది చొప్పున కూర్చోబెట్టి మాట్లాడించాలన్నది మా అధ్యయనం. అక్కడ ఏం అడగాలి, ఏది ముందు అడగాలి, దేనికెంత సమయం ఇవ్వాలి అన్నది రాసిపెట్టుకునేదే గైడు. అసలు పనికి ముందు దాన్ని ట్రయల్‌లో వాడి చూసుకోవాలి. సత్యశ్రీ గారు విశాఖ నుంచి వచ్చే ప్రొఫెసరు. నేనూ కళావతీ నర్సీపట్నంలోనే నర్సింగ్ పాఠాలు చెప్పుకునేవాళ్లం. నేను మాట్లాడించాలి, కళావతి నోట్సు రాసుకోవాలి. అలా అనుకున్నాం.

"ఆ మనిషిలో మీరేం పోగొట్టుకున్నారు?" ఇదీ నా ప్రశ్న. మా ఆయన దయాకర్ బాబుకు నాలుగేళ్లుగా ఆ జబ్బే. మాత్రలు వేస్తున్నావా, రాత్రి పడుకుంటున్నారా అని ఊరంతా అడుగుతారు. చర్చిలో ప్రార్థన కూడా చేస్తారు, కాదనను. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయేది.

"పోగొట్టుకున్నారని మనమే చెప్పేస్తున్నాం కరుణకుమారి గారూ," అన్నారు సత్యశ్రీ గారు. "ఏమీ పోగొట్టుకోలేదనేవాళ్లు ఉంటే ఏం చెప్తారు? ఇంతకీ ఈ ప్రశ్న ఎవరి కోసం రాశారు?"

"నా కోసమేనండి," అన్నాను. దాచడం నాకు చేతకాదు.

ఆవిడ కోప్పడలేదు. "అయితే మాట్లాడించేది మీరు కాదు. జవాబు మనసులో పెట్టుకుని కూర్చుంటే ఎదుటివాళ్ల మాట మీ చెవికెక్కదు. రెండో ట్రయల్‌లో మీరూ వాళ్లతో కూర్చోండి. ట్రయల్‌లో మాట్లాడింది అధ్యయనంలో కలపం కదా. ప్రశ్న మార్చి చూద్దాం. జనం పలికితే ఉంచుదాం, లేదంటే తీసేద్దాం."

మొదటి ట్రయల్ అప్పటికే నీరుగారిపోయింది. తప్పు మాదే. వచ్చినవాళ్లను వచ్చినట్టు సండే స్కూలు గదిలో కూర్చోబెట్టాం. అత్తగారిని చూసుకునే కామమ్మ పక్కనే ఆవిడ ఆడపడుచు సోమలమ్మ వచ్చి చతికిలబడింది. "మీకు ఎదురయ్యే ఇబ్బందులేమిటి?" అని అడిగితే కామమ్మ నేలచూపులు చూస్తూ, "ఏటీ నేదండి. మా అత్తే కదండీ," అంది. ఆడపడుచు ముందు ఏ కోడలు మాత్రం నోరు విప్పుతుంది! ఉత్తరాంధ్రలో పుట్టి పెరిగిన మాకిద్దరికీ ఆ పాటి బుద్ధి తట్టలేదు.

అందుకే ఈసారి కోడళ్లను, భార్యలనే పిలిచాం. ఒక ఇంటివాళ్లు ఇద్దరు లేకుండా చూసుకున్నాం. ఇబ్బందుల ప్రశ్న తీసేసి, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పండి," అని పెట్టాం. గది గలగలలాడిపోయింది. కళావతి ఎక్కడా తల దూర్చకుండా, మాట ఆగినచోట మాత్రం, "ఇంకాస్త చెప్పండి," అంటూ నడిపించింది. నోట్సు సత్యశ్రీ గారు రాసుకున్నారు. తర్వాత ఆరో ప్రశ్న వచ్చింది.

"జబ్బు రాకముందు మీ ఇద్దరూ ఎలా ఉండేవారు? ఇప్పుడెలా ఉన్నారు?"

అంతసేపూ గలగలలాడినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా ప్రశ్న మునిగిందనుకున్నాను. అప్పుడు కామమ్మ నవ్వింది.

"ఉప్పు సాల్లేదని కంచం తోసీసీదండి మా అత్త. ఎన్ని తిట్లు తిట్టీదో! ఇప్పుడు ఏటి పెట్టినా తినేస్తాది. ఒక్కపాలి తిడితే బాగుణ్ననిపిస్తాదండి," అంటూనే చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

కళావతి నావైపు తిరిగింది. కాలేజీలో నన్ను ఏడిపించుకు తినే మనిషి, ఇక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియనట్టే, "మీరు చెప్పండమ్మా," అంది.

నాలుగేళ్లుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నిన్నటి సంగతే నోటికొచ్చింది.

"నిన్న సాయంత్రం మా ఆయన చెప్పులేసుకుని బయల్దేరారండి. ఎక్కడికండీ అంటే, 'ఇంటికెళ్లాలమ్మా. సీకటి పడతంది. మా కరుణ గుమ్మంలో నిలబడి సూస్తుంటాది,' అన్నారు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నానండి."

"అప్పుడేం చేశారు?"

"ఆవిడే ఇక్కడికి వస్తాది, కూర్చోండి అన్నాను. బుద్ధిగా కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. వస్తాదంటారా అని అడుగుతూనే ఉన్నారు. ఆవిడంటే ఎంత ఇష్టమో మా ఆయనకి! ఆ కరుణ బేగి వచ్చేస్తే బాగుణ్నని నాకూ ఉందండి. ఇద్దరం వీధివైపే చూస్తూ కూర్చున్నాం."