చిట్టెమ్మ అడిగిన పొద్దుటిపూట

మా రొయ్యల ప్లాంటులో షిఫ్టు మార్చుకోవడానికి ఒక పద్ధతుంది. అడిగే మనిషి, ఆమె బదులు వచ్చే మనిషి ఇద్దరూ ముందురోజే నా ఎదుట నిలబడాలి. "నాను వస్తాను మేడం" అని రెండో ఆమె తన నోటితో చెప్పాలి. ఫోన్లో చెబితే ఒప్పుకోను. షిఫ్టు ఇన్‌చార్జినని ఆడవాళ్ళు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ, పొద్దున్నే రొయ్యల్ని సైజువారీగా ఏరే గ్రేడింగ్ బల్ల దగ్గర మనిషి లేకపోతే పైవాళ్ళతో మాటలు పడేది నేనే.

బుధవారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ చిట్టెమ్మ వచ్చింది, జ్యోతిర్మయిని వెంటపెట్టుకుని. ఆ వారం చిట్టెమ్మది ఆరు నుంచి రెండు దాకా, జ్యోతిర్మయిది రెండు నుంచి రాత్రి పది దాకా.

"రేపొక్కరోజు మార్సుకుంటాం సూర్యకళమ్మా. పొద్దున్న నాకు పనుంది."

"ఏం పని?"

"పనమ్మా."

అంతే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా షిఫ్టు మార్చమని అడగని మనిషి! పోనీ కూతురికి సంబంధం చూడ్డానికా అంటే ఆమెకు కూతుళ్ళు లేరు. ఒంట్లో బాగాలేదా అంటే బల్ల దగ్గర అందరికంటే గట్టిగా నవ్వేది ఆమే. ఇక నాకు ఒక్కటే తోచింది. రొయ్యల సీజన్ వచ్చిందంటే పక్క ప్లాంటువాళ్ళు మంచి గ్రేడర్లను గుట్టుగా పిలిపించుకుంటారు. "ఒకసారి వచ్చి బల్ల చూసి వెళ్ళు" అంటారు. అలా చూసి రావడానికి వెళ్ళేవాళ్ళంతా చెప్పే మాట కూడా "పనుంది" అనే.

"రాత్రి పదింటికి దిగిన జ్యోతిర్మయి పొద్దున్న ఆరింటికి ఎలా ఎక్కుతుంది? మనిషికి నిద్ర అక్కర్లేదా? కుదరదు" అన్నాను.

ఆ మాట నిజమే. కానీ నేను ఆ మాటన్నది అనుమానంతో. జ్యోతిర్మయి తలూపి లోపలికి వెళ్ళిపోయింది. చిట్టెమ్మ మాత్రం చేతులు కడుక్కునే చోట, కుళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయింది.

నాకు ఆగలేదు. వెనకాలే వెళ్ళి అడిగేశాను.

"ఏ ప్లాంటువాళ్ళు పిలిచారు?"

ఆమె నా మొహంకేసి చూసింది. ముందు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"ప్లాంటేటమ్మా! రేపు నాకు బండి పరీచ్చ. ఆర్టీవో ఆఫీసులో."

నేను నోరు తెరిచాను. యాభైకి దగ్గరపడుతున్న చిట్టెమ్మ, బండి!

"ఎవులికీ సెప్పకండమ్మా. కాలు కింద ఆనిందా, ఫెయిల్. ఈ వయసులో నీకు బండేటని బల్లంతా నవ్వుతాది."

"ఇంకో రోజు పెట్టించుకోకపోయావా?"

"నేర్సుకోడానికిచ్చిన ఎల్లెల్లార్ కాయితం ఈ ఆదివారంతో అయిపోతాది. రేపు తప్పితే మల్లీ మొదట్నించి సెయ్యాల. ఆర్నెల్లు బయపడి బయపడి, ఇప్పటికి దైర్యం సేసినాను."

"అయినా బండెందుకు? వ్యాను ఉందిగా?"

"వ్యాను కూర్మన్నపాలెం జంక్షన్లో దింపేస్తాది. అక్కణ్ణుంచి మా ఈదికి సీకట్లో నడవాల. ఇదివరకు మా ఆయన బండి మీద వచ్చీవోడు. పక్షవాతం వచ్చినాక నడపలేడు. అయినా రాత్రి షిఫ్టు వారం కర్ర పట్టుకుని జంక్షన్దాకా వచ్చి నిలబడతాడు. వద్దంటే ఇనడు. మొన్న వానలో కూడా నిలబడిపోనాడు."

కుళాయి నేనే కట్టాను. ఇంత మాట బయటపెట్టడానికి ఆమె ఎంత ఇబ్బంది పడిందో అనుకుంటే నామీద నాకే కోపం వచ్చింది.

మేనేజరు శ్రీనివాసరావుగారికి ఫోన్ చేశాను. చిట్టెమ్మ రేపు పదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి దిగుతుందని, పొద్దున్న ఆరు నుంచి పది దాకా బల్ల దగ్గర నేను నిలబడతానని చెప్పాను.

"ఏం పనటమ్మా ఆవిడకి?"

"సొంత పనండి" అన్నాను. ఆయనా ఊరుకునే మనిషి కాదు, రెండుసార్లు తిప్పి అడిగాడు. నేను చెప్పలేదు. చివరికి సరేనన్నాడు.

గురువారం గ్లవుజులు వేసుకుని రొయ్యలు ఏరుతుంటే, పాత గ్రేడర్‌నే అయినా నా వేళ్ళు తడబడ్డాయి. బల్లంతా నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. నా కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి. పది దాటింది. బండిని ఎనిమిది అంకెలా తిప్పేటప్పుడు కాలు ఆనించేసిందా? పడిందా?

పదిన్నరకి తలకి టోపీ సర్దుకుంటూ వచ్చింది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. నా పక్కకి వచ్చి, నేను తప్పు ట్రేలో వేసిన రొయ్యని తీసి సరైన ట్రేలో వేసింది.

"ఏమైంది?" అన్నాను గొంతు తగ్గించి.

"మా ఆయన కూడా వచ్చినాడమ్మా. గేటు బయట కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నాను తిప్పినంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడంట."

"అది కాదు, పాసయ్యావా?"

ఆమె రొయ్యల మీంచి తల ఎత్తలేదు.

"లైసెన్సు కార్డు వచ్చినాక వ్యానులో నా సీటు ఎవులికైనా ఇచ్చీయండమ్మా. ఆయన్ని ఇక జంక్షన్కి రాకుండా ఇంటికాడే పడుకోమన్నాను."