బాధ్యత: సంబంధిత విభాగం

"సంబంధిత విభాగం" అన్న ఆ రెండు మాటల్నీ సుమేధా పాటణ్‌కర్ తన చేత్తోనే టైపు చేసింది. ఎవరి మీదా నెట్టడానికి లేదు.

పుణే పాతపేటల కింద మురుగునీటి సొరంగం తవ్వుతున్న కంపెనీలో రిస్క్ రిజిస్టర్ ఆమె చూసుకుంటుంది. పనిలో ఎక్కడ ఏ ముప్పు రావచ్చో, దాన్ని ఎవరు చూసుకోవాలో, రాకుండా ఏం చెయ్యాలో అందులో వరసగా రాసి ఉంటుంది. ఇరవయ్యేడో వరసలో ఇలా రాసింది: "నేల కుంగవచ్చు. బాధ్యత: సంబంధిత విభాగం. చర్య: తగిన జాగ్రత్తలు తీసుకోవాలి." జూన్‌లో ఒక సందులో నేల కుంగి గోడ కూలింది. గోడ పక్కన పోహాలు, అదే అటుకుల ఉప్మా, అమ్ముకునే మనిషి పోయాడు.

విచారణకి వచ్చిన పెద్దాయన ఆ వరస చదివి, "సంబంధిత అంటే ఎవరమ్మా?" అని అడిగాడు. గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదిమంది చేతిలో పాము చావదంటారే, అదీ సంగతి! చివరికి తేలిందేమిటంటే, ముప్పుని ముందే గుర్తించారు, రిజిస్టర్‌లో రాశారు, కనుక కంపెనీ నిర్లక్ష్యం లేదు. ఆ వరస అందర్నీ ఒడ్డున పడేసింది, పోయినవాణ్ణి తప్ప. ఆ రోజు ఇంటికెళ్ళి సుమేధ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

ఇప్పుడు ఆగస్టు. సొరంగం తవ్వే యంత్రం ఖైరే వాడా కిందకి రాబోతోంది. నూటపాతికేళ్ళ నాటి మండువా లోగిలి అది. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు, కింద ఎప్పుడో చెత్తతో పూడ్చేసిన బావి. సుమేధ రెండు రోజులు అక్కడే తిరిగి, రేషన్ కార్డులు చూసి, కొత్త వరస రాసుకొచ్చింది.

"పూడ్చిన పాత బావి సొరంగం గీతకి నాలుగు మీటర్ల దూరంలో ఉంది. యంత్రం దాటేటప్పుడు అక్కడి వదులు మట్టి జారి, తూర్పు గోడ కూలి, పదకొండు కుటుంబాలకి ప్రాణాపాయం కలగవచ్చు. చర్య: యంత్రం ముప్పై మీటర్ల దూరంలో ఉండగానే బావిని సిమెంటు పాలతో నింపాలి. పదిహేను మీటర్లకి వచ్చేలోగా కుటుంబాలని లాడ్జికి మార్చాలి. నేల కుంగుదల రెండు గంటలకోసారి కొలవాలి. అయిదు మిల్లీమీటర్లు దాటితే యంత్రం ఆపాలి. బాధ్యత: విలాస్ ఢమఢేరే."

ఢమఢేరే సొరంగం మేనేజరు, సుమేధని తాయీ అని, అంటే అక్కా అని, పిలుస్తాడు. చదివీ చదవగానే కాగితం బల్ల మీద కొట్టాడు.

"ఏం తాయీ, నా మెడకి ఉరితాడు నువ్వే పేనుతున్నావా? 'సొరంగం బృందం' అని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"బృందం యంత్రం ఆపలేదు సాహెబ్. మీరు ఆపగలరు."

"కుర్రది కేతకి ఉందిగా, కొలతలు తీసేది. దాని పేరు వెయ్యి."

"కేతకి ఆపమంటే ఆపుతారా మీరు?"

ప్రాజెక్టు పెద్ద జోగ్ సాహెబ్ మధ్యలో దూరాడు. "పోనీ సుమేధా, ఇద్దరి పేర్లూ వేసెయ్. గొడవ వదుల్తుంది."

"ఇద్దరి పేర్లుంటే ఆవిడ చూసిందనుకుని ఈయనా, ఈయన చూశాడనుకుని ఆవిడా ఇంటికెళ్ళిపోతారు సార్. జూన్‌లో జరిగిందదే. ఆ వరస రాసింది నేను. ఇంకొకటి అలాంటిది రాయమంటే నా వల్ల కాదు. ఉద్యోగం తీసెయ్యండి."

ఢమఢేరే జేబులోంచి పెన్ను లాగి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి, "నీకు దణ్ణం తాయీ" అని విసవిసా వెళ్ళిపోయాడు.

అమ్మయ్య అనుకుంది సుమేధ. పిచ్చిది, వరస రాయడంలో తనకి ఇక తిరుగులేదని కూడా అనుకుంది.

బావి నింపారు. యంత్రం ఇరవై మీటర్లకి వచ్చింది. కుటుంబాలని మార్చడం మొదలైంది. సాయంత్రానికి పదకొండు పేర్లకీ టిక్కులు పడ్డాయి. "చర్య పూర్తి" అని సుమేధ రాయబోతుండగా ఢమఢేరే దుమ్ము కొట్టుకున్న బూట్లతో ఆఫీసులోకి వచ్చాడు.

"నీ కాగితంలో కుటుంబాలెన్ని?"

"పదకొండు. నలభై ముగ్గురు."

"నేను ఒక్కో తలుపూ కొట్టి వచ్చాను. నలభై నలుగురు! తూర్పు గోడకి ఆనుకుని మెట్ల కింద అర ఉంది. అందులో లోణ్‌కర్ అని ఒక ముసలాయన, పుస్తకాలకి బైండింగు చేసుకుంటాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, రేషన్ కార్డు లేదు. పొద్దున మావాళ్ళు ఆయన ముందునుంచే సామాన్లు మోశారు. ఈయన్నెందుకు బండెక్కించలేదురా అంటే, 'కుటుంబాలని మార్చమన్నారు సాహెబ్, ఈయన కుటుంబం కాదుగా' అన్నారు. ఏం రాశావు తాయీ నువ్వు? ఒంటిమనిషి మనిషి కాదా?"

కోపంతో అంటున్నాడా అంటే, కాదు. కాగితం మీద పేరు తనది కాకపోతే తను కూడా టిక్కులు చూసి ఇంటికెళ్ళిపోయేవాణ్ణని ఆ మనిషికి తెలుసు.

"నేను చూడలేదు సాహెబ్. కార్డులే చూశాను" అంది. అక్కడే కూర్చుని 'పదకొండు కుటుంబాలు' కొట్టేసింది. 'నలభై నలుగురు మనుషులు, పేర్లు జతచేసిన జాబితాలో' అని రాసింది. చర్యలో ఇంకో ముక్క కలిపింది: 'యంత్రం కదిలే ముందు బాధ్యుడు స్వయంగా పేరుపేరునా పిలిచి సరిచూడాలి.'

"ఇంకా ఏమైనా వదిలేశానా?" అని అడిగింది.

"ఇది చాలు. పద, ముసలాయన మొండికేస్తున్నాడు. నీ మాట వింటాడేమో."

లోణ్‌కర్ తన కుట్టు సూదులూ జిగురు డబ్బా లేనిదే కదలనన్నాడు. సుమేధ ఆ డబ్బా మోసింది. ఢమఢేరే ముసలాయన పరుపు మోశాడు.

మర్నాడు పొద్దున పేర్లు పిలిచాకే యంత్రం కదిలింది; నిద్రపోతున్న లోణ్‌కర్‌ని మాత్రం ఢమఢేరే లేపలేదు, కళ్ళారా చూసి టిక్కు పెట్టాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం కుంగుదల అయిదు దాటి ఆరుకి వచ్చింది. ఢమఢేరే ఎవర్నీ అడగలేదు, యంత్రం ఆపేశాడు. జోగ్ సాహెబ్ ఫోను మోగుతూనే ఉంది, తియ్యలేదు. బావిలో సిమెంటు నిలిచింది కానీ, వానకి నానిన గోడ అడుసు నిలవలేదు. మూడున్నరకి తూర్పు గోడ మెట్లతో సహా లోపలికి కూలింది.

దుమ్ము అణగకముందే ఢమఢేరే లాడ్జికి పరిగెత్తాడు. వెనకే సుమేధ. సామాను మర్చిపోయామని ఎవరైనా వాడాకి తిరిగి వెళ్ళారేమోనని ఇద్దరికీ ఒకటే భయం. ఢమఢేరే అందర్నీ వరండాలోకి పిలిచి జాబితా చదివాడు. ఒక్కో పేరుకీ ఒక్కో గొంతు పలికింది. నలభై మూడు అయ్యాయి.

"గణపత్ లోణ్‌కర్."

జవాబు లేదు.

"గణపత్ లోణ్‌కర్!" ఢమఢేరే గొంతు చీరుకుపోయింది.

చివర బల్ల మీద కూర్చున్న ముసలాయన పక్కావిడ పొడిస్తే తలెత్తాడు.

"నన్నేనా సాహెబ్?"

"నిన్నే తాతా! పలకవేం?"

"ఉన్నాను, ఉన్నాను. జాబితాలో నా పేరు కూడా ఉంటుందనుకోలేదు" అన్నాడు.

ఢమఢేరే టిక్కు పెట్టి, కాగితం సుమేధ చేతికిచ్చి, మెట్టు మీద కూలబడి మొహం తుడుచుకున్నాడు.