తలుపు మీద అంటించిన సమన్లు

హోషియార్‌పూర్ కోర్టులో ముప్పై ఏళ్లుగా ఒక వకీలు దగ్గర మున్షీని, అంటే గుమాస్తాని నేను. ఏ కాగితం ఎలా రాస్తే పని తొందరగా అవుతుందో నాకు తెలిసినంత మా వకీలుకే తెలియదని నా పొగరు.

రవ్‌నీత్ విడాకుల కేసు సమన్ల దగ్గరే ఆగిపోయింది. ఆమె భర్త హర్‌కీరత్ పెళ్లయిన పద్దెనిమిదో రోజున కెనడా వెళ్లాడు, తిరిగి రాలేదు. ఢిల్లీలోని న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా పంపిన సమన్లు పద్నాలుగు నెలలకు వెనక్కొచ్చాయి. ఆ ఇంట్లో అతను లేడట.

"ఇక ప్రత్యామ్నాయ జారీకి అర్జీ పెడదాం బిడ్డా," అన్నాను. "పేపర్లో ప్రకటన, కోర్టు గోడకొక కాపీ, మీ అత్తారింటి తలుపుకొక కాపీ. వాడు చూసినా చూడకపోయినా అందినట్టే."

"కానీ చాచాజీ, కొత్త అడ్రస్ నాకు తెలుసుగా. మొన్న చలికాలం మా అత్త బీబీజీ వాడికి పిన్నీ లడ్డూలు పంపింది. ఆవిడకి చదువు రాదు, కొరియర్ కాగితం మీద అడ్రస్ నేనే రాశా."

"మొగుడి మీద కేసేసి, వాడికే లడ్డూలా! భలే దానివే!"

"వాడి కోసం కాదు. ముసలిది ఏడుస్తుంటే చూళ్లేకపోయా."

"ఆ మాట ఇక్కడే మర్చిపో. అడ్రస్ తెలుసంటే మళ్లీ ఢిల్లీ, మళ్లీ ఏడాది. నిన్ను చేసుకుంటానన్న ఫగ్వాడా మాస్టారు అన్నాళ్లు నీకోసం కూర్చుంటాడా?"

భర్త ఎక్కడున్నాడో తెలియదని అఫిడవిట్ రాశాను. ఆమె సంతకం పెట్టింది. జడ్జి అర్జీ ఒప్పుకున్నారు. వాయిదాకు ఎవరూ రాలేదు, ఏకపక్షంగా విడాకులు వచ్చాయి. అప్పీలు గడువు దాటాక మాస్టారితో పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నారు.

పెళ్లికి ఇంకా పది రోజులుందనగా ఆమె మామ మోహిందర్ సింగ్, తన తరఫున కోర్టులో నిలబడమని కొడుకు రాసిచ్చిన ముఖ్తార్‌నామా పట్టుకుని దిగాడు. తీర్పు సంగతి కొడుక్కి ఇప్పుడే తెలిసిందట, రద్దు చేయాలట. అర్జీకి ఆ లడ్డూల పార్శిల్ కొరియర్ రసీదు జత చేశాడు. దాని మీద కెనడా అడ్రస్, రవ్‌నీత్ చేతిరాత.

జడ్జి రసీదు ముందుకు జరిపారు. "ఈ రాత మీదేనా?"

"నాదేనండీ."

"మరి తెలియదని ప్రమాణం చేశారే! అలా రాయమని ఎవరు చెప్పారు?"

రవ్‌నీత్ నా వైపు ఒక్కసారి చూసింది.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే రాయించా."

తీర్పు రద్దయింది. ఇప్పుడు సమన్లు కూడా అక్కర్లేదు, ముఖ్తార్ హాజరయ్యాడు కదా. విడాకులకు మాత్రం మా వాడు ఒప్పుకోడని మోహిందర్ సింగ్ మీసం దువ్వుతూ చెప్పాడు.

వరండాలో ఆమె వెనకాల పరిగెత్తాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. "నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది. నా పెళ్లి తిరిగొస్తుందా?" కళ్లు తుడుచుకోకుండానే ఫోన్ నా చేతిలో పెట్టింది. "మాస్టారి నంబరు. నువ్వే చెప్పు చాచాజీ. అబద్ధం కలపకుండా చెప్పు."