ఆరు వారాల మేడం

కాలేజీ వాలీబాల్ కోచ్‌ని పిల్లలంతా చాటుగా 'ఆరు వారాల మేడం' అనేవాళ్లు. ఆవిడకి ఆ పేరంటే లోలోపల మురిపెమే. ఇరవై ఒకటో ఏట మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఆరు వారాలకల్లా ఫైనల్ ఆడి గెలిపించిన కథ ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కి చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఎదుటి జట్టు వాళ్లు మరో అంగుళం పొడుగు పెరిగేవాళ్లు.

ఆ కథే ఇవాళ ఆవిడ మెడకి చుట్టుకుంది.

ఆవిడ అన్న కూతురు ఆసుపత్రి మంచం మీద కాలు వంచుకుని కూర్చుంది. ఎగిరితే నేల మరిచిపోయే పిల్ల కాబట్టి అందరికీ స్ప్రింగే. నాలుగు రోజుల కింద స్మాష్ కొట్టి దిగుతుంటే మోకాలు మెలిపడింది. అప్పట్నుంచీ కాలు పూర్తిగా చాపలేకపోతోంది. రాష్ట్ర జట్టు ఎంపికకి ఇంకా రెండు నెలలుంది.

డాక్టరు బల్ల మీద ప్లాస్టిక్ మోకాలు పెట్టాడు. "రెండెముకల మధ్య నెలవంకలా ఉన్న ఈ మెత్తే మెనిస్కస్. బరువంతా పంచేది ఇదే. నీది అంచు వెంబడి పొడుగ్గా చీలింది. లోపలి ముక్క బకెట్ పిడిలా లేచి కీలులో ఇరుక్కుంది. కాలు చాపలేకపోవడం అందుకే."

"కత్తిరించెయ్యండి. ఆరు వారాల్లో ఆడేస్తాను."

"చీలిక బయటి అంచు దగ్గరుంది. అక్కడ రక్తం బాగా అందుతుంది, కుడితే అతుక్కునే అవకాశం ఎక్కువ. లోపలి అంచున చిన్న చిరుగో, పీచులు పీచులుగా అరిగిందో అయితే నేనే కాస్త కత్తిరించేవాణ్ణి. నీ ముక్క పెద్దది. అది తీసేస్తే కుషన్ చాలావరకు పోయినట్టే."

"కుడితే ఎప్పుడు ఆడొచ్చు?"

"ఆరు నెలలు."

స్ప్రింగు సమ్మతి పత్రంలో 'వీలైతే కుట్టడం' అన్న మాటని పెన్నుతో కొట్టేసింది. "మా అత్తకి తీసేశారు. చూడండి, ఎలా ఉందో."

డాక్టరు చూపు మేడం వైపు తిరిగింది. నిరుడు ఆవిడ మోకాలికి ఎక్స్‌రే తీయించింది ఆయనే. ఆ కవరు ఇంట్లో బూట్ల పెట్టె అడుగున, ఎవరి కంటా పడకుండా ఉంది.

మేడం కుర్చీ చేతిని ఆసరాగా పట్టుకుని లేచింది. "డాక్టరుగారూ, నా ఎక్స్‌రే మీ కంప్యూటర్‌లో ఉంటుందిగా. పెట్టండి."

"మీకు ఇష్టమేనా?"

"నా కథకి మిగతా సగం అదే."

తెర మీద రెండు మోకాళ్లూ కనబడ్డాయి. ఒకదాంట్లో ఎముకల మధ్య సందు సమంగా ఉంది. రెండోదాంట్లో లోపలి వైపు సందు మూసుకుపోయి ఎముకకి ఎముక ఆనుకుంది.

"నాకు ఆ మెత్త దాదాపు అంతా తీసేశారు. అప్పట్లో అలాగే చేసేవాళ్లు," అంది మేడం.

స్ప్రింగు చాలాసేపు చూసింది. "అందుకేనా కోర్టుకి అందరికన్నా ముందొచ్చేస్తావు? మెట్లెక్కడం ఎవరూ చూడకుండా?"

"అందుకే."

"మరి ఆరు వారాలు అబద్ధమా?"

"నిజమే. ఆ తర్వాతవే చెప్పలేదు. గొప్ప కోసం దాచాను, తప్పే."

"ఎంపిక పోతుందత్తా."

"పోతుంది. లిస్టు పంపేది నేనే. నీ పేరు కొట్టేసేదీ నేనే."

స్ప్రింగు డాక్టరు వైపు తిరిగింది. "కుడితే నాకు అలా అవదా?"

"అవదని మాటివ్వలేను. ముప్పు తగ్గుతుంది. అయిదారుగురిలో ఒకరికి కుట్టు నిలవదు కూడా. లోపల కెమెరాతో చూశాక పనికిరాదనిపిస్తే, చెడినంత మేరకే తీస్తాను."

పిల్ల ముక్కు ఎగబీల్చి, కొత్త కాగితం అడిగింది. ఈసారి ఏ మాటా కొట్టెయ్యకుండా సంతకం చేసింది.

ఆపరేషన్‌లో కెమెరాతో చూస్తే ముక్క చెక్కుచెదరకుండా ఉంది. యథాస్థానంలో పెట్టి అయిదు కుట్లు వేశారు.

ఆరు వారాలకి ఊతకర్రలు పోయాయి. ఓ పొద్దున మేడం వచ్చేసరికి స్ప్రింగు మోకాలి పట్టీ ఊడదీసి, నెట్ స్తంభం పట్టుకుని గొంతుకూచోబోతోంది.

"లే."

"అస్సలు నొప్పి లేదత్తా. చూడు, ఒక్కసారి."

"నాకూ లేదు. పదేళ్లదాకా."

స్ప్రింగు మెల్లగా నిటారుగా నిలబడి పట్టీ బిగించుకుంది. అప్పటికే కొత్త బ్యాచ్ మెట్ల దగ్గర గుమిగూడి ఉంది. మేడం వాళ్లందరి కళ్లముందే కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి ఎక్కింది. పైన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కూర్చోండి. మీకో కథ చెప్పాలి. ఈసారి కాస్త పెద్దది."