నలభై ఒకటో నిమిషం

లైబ్రరీ వెనక గదిలో ఆమె ఎనిమిది నెలలుగా ఒకటే పని చేస్తోంది. ఇరవై ఏళ్ల కిందటి లాంచీ ప్రమాదం గురించి లైబ్రేరియన్ సేకరించిన నూట పన్నెండు గంటల మాటలకు సూచిక తయారుచేస్తోంది. ఏ మాట వెతికినా అది ఉన్న వాక్యం తెర మీదికి రావాలి, పక్కనున్న సమయం నొక్కితే సరిగ్గా అక్కణ్ణుంచే గొంతు వినపడాలి.

మునిగిన ఆ లాంచీని నడిపిన సరంగు ఆమె తండ్రి. పరిమితికి మించి జనాన్ని ఎక్కించాడని, దాంతోపాటే మునిగి పోయిన ఆయన్నే అందరూ తిట్టారు.

ఆ రోజు ఆమె లాంచీ టికెట్ గుమాస్తా ఇంటర్వ్యూలో లింకులు సరిచూస్తోంది. 41:10 దాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తరవాతవన్నీ డెబ్బై సెకన్లు ముందే మొదలవుతున్నాయి. తన లెక్క తప్పిందేమో అనుకుని 41:25 నొక్కింది. ఆ మాటలు విని రాసిన రాతప్రతిలో అక్కడ వాతావరణం గురించి ఉంది. చెవిలో పడింది మాత్రం వేరే:

"సరంగు ససేమిరా అన్నాడండీ. ఇంకో ముప్పై మందైతే మునుగుతామని కిందికి దిగిపోయాడు. ఉద్యోగం పీకిస్తానని బెదిరించి అతన్నీ, ఆ జనాన్నీ నేనే ఎక్కించాను... ఈ ముక్క తీసేయండి, మీకు పుణ్యముంటుంది."

మళ్లీ నొక్కింది. అవే మాటలు. అప్పుడర్థమైంది: ఆ డెబ్బై సెకన్లు కత్తిరించిన కాపీని విని రాతప్రతి రాశారు. ఆమె లింకులు కలిపింది అసలు రికార్డింగుకి.

కుర్చీ తన్నేసినట్టు లేచి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లింది.

"ఇది కోసింది మీరేనా సార్?"

ఆయన కళ్లద్దాలు తీశాడు. "గుమాస్తా తను బతికుండగా బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాడమ్మా. పోయి ఆరేళ్లయింది."

"నేనెవరి కూతుర్నో తెలుసా మీకు?"

"నువ్వు ఉద్యోగంలో చేరిన రోజే తెలిసింది."

"రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు కదా సార్!"

"నీకు కూడా ఆ కోసిన కాపీయే ఇవ్వాల్సింది. ఇవ్వబుద్ధి కాలేదు. నోరు విప్పి చెప్పే ధైర్యమూ లేకపోయింది."

ఆమె వెనక్కి వచ్చి కోసేసిన మాటలన్నీ టైపు చేసింది. ఆ తరవాతి సమయాలన్నింటికీ డెబ్బై సెకన్లు కలిపింది. సూచికలో కొత్త పద్దు చేర్చింది: "సరంగు – ఎక్కించుకోననడం." తరవాత తల్లికి ఫోన్ చేసి రమ్మంది.

తల్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నది. హెడ్‌ఫోన్స్ తీసి కూతురి వైపు తిరిగింది.

"ఎవరు వెతికినా ఇది కనబడుతుందా?"

"కనబడుతుందమ్మా. నొక్కితే వినబడుతుంది కూడా."

"అయితే ముందు మీ మేనత్తకి పంపు," అంది తల్లి. "ఆవిడ కొడుకు ఆ లాంచీలోనే పోయాడు. మన గుమ్మం తొక్కి ఇరవై ఏళ్లయింది."