ఆమె బదులు ఎవరు?

చొక్కాల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసే ఆమెకు ఒక సంగతి ఎంతకీ బుర్రకెక్కలేదు. జీతంతో ఇచ్చే సెలవులన్నీ అయిపోయాయి, నిజమే. అత్తగారికి తుంటి ఆపరేషన్, ఎనిమిది రోజులు కావాలి, ఆ రోజుల జీతం కోసుకోమంటోంది. మరి ఈ బతిమాలుడు దేనికి?

అయినా సెలవు అర్జీలో రెండు పేజీల నిండా కష్టాలు ఏకరువు పెట్టింది. మేనేజరు చదివి కళ్లజోడు తీశాడు.

"ఇంత రాశావు గానీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో లేదు. డాక్టరు చీటీ లేదు."

"జీతం వద్దంటున్నాగా సార్?"

"నీ జీతం మిగిలితే నాకేం ఒరుగుతుందమ్మా? నీ టేబుల్ మీదికొచ్చే చొక్కాలు ఎవరు చూస్తారు? అది రాయి, పైకి పంపిస్తాను."

తికమకపడుతూనే తేదీలు వేసింది, సంచిలోని డాక్టరు చీటీ జతచేసింది. తన బదులు చూస్తానని పక్క టేబుల్ అక్కచేత సంతకం పెట్టించింది. సాయంత్రానికల్లా సెలవు మంజూరైంది.

బస్సులో కూర్చున్నాక మళ్లీ బుర్ర తిరిగింది. అత్తగారికి ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. ఆసుపత్రిలో ఈమె బదులు ఎవరుంటారని ఇంట్లో ఒక్కరూ అడగలేదేం?